గేటు పది అడుగులుంటే సందు పదకొండు అడుగులైనా చాలు: ఇంటికి సరిపడే కారును కొలిచి తేల్చుకోవడం

కారు కొనాలనుకునేవాళ్లు సాధారణంగా ఒకే కొలత అడుగుతారు: పొడవెంత? పోర్టికో పొడవు పదిహేను అడుగులు, కారు పొడవు పదమూడు అడుగులు, కాబట్టి పడుతుందని తేల్చేస్తారు. నెల్లూరు మూలాపేటలోనో, రంగనాయకులపేటలోనో, ఒంగోలు పాత బజార్లలోనో ఈ లెక్క పనిచేయదు. అక్కడ కారు పోర్టికోలో పట్టకపోవడం అరుదు. పోర్టికో దాకా రాలేకపోవడమే ఎక్కువ. సందులోంచి గేటులోకి తిరిగే ఆ తొంభై డిగ్రీల మలుపులోనే అసలు చిక్కంతా ఉంది. ఆ మలుపును ఇంట్లో ఉన్న టేపుతో ఎలా కొలవాలో, ఆ కొలతల నుంచి ఏ సైజు కారు దాకా ఆశపడవచ్చో ఒక ఇంటి లెక్కతో చూద్దాం.

ముందు కార్ల సంగతి. మన దేశంలో అమ్ముడయ్యే కార్లలో చాలావాటి పొడవు 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. నాలుగు మీటర్లు దాటితే పన్ను పెరగడమే దీనికి కారణం. 2006 బడ్జెట్‌తో మొదలైన ఈ గీత జీఎస్టీలోనూ కొనసాగింది. 2025 సెప్టెంబరు మార్పుల తర్వాత నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజను కార్లకు 18 శాతం, అంతకన్నా పెద్దవాటికి 40 శాతం పన్ను. అందుకే డిజైర్, బ్రెజా, నెక్సాన్ చూడటానికి ఎంత తేడాగా ఉన్నా పొడవులో అన్నీ పదమూడు అడుగుల ఒక అంగుళమే. పొడవు చూసి వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కుదరదు. తేడా వెడల్పులోనూ, తిరిగే తీరులోనూ ఉంది. వ్యాగనార్ వెడల్పు 1,620 మిల్లీమీటర్లు, స్విఫ్ట్, డిజైర్ 1,735, నెక్సాన్ 1,804. ఈ అంకెల్లో పక్క అద్దాలు కలవవు. రెండు అద్దాలూ విప్పి ఉంటే ఇంకో ఇరవై సెంటీమీటర్లకు పైగా చేరుతుంది. కంపెనీ పత్రంలో ఈ కొలత తరచుగా ఉండదు కాబట్టి షోరూములో కారు ముందు నిలబడి, ఈ అద్దం చివర నుంచి ఆ అద్దం చివరకు మీరే టేపు పట్టాలి. ఒక్క నిమిషం పని.

ఇక ఇల్లు. మా మేనమామది మూలాపేటలో పాత ఇల్లు. పాత గోడ తీసేసి ముందు భాగంలో పోర్టికో కట్టించాడు. ఏడుగురు కూర్చునే ఎర్టిగా కొనాలని ఆయన కోరిక, తిరుపతికి అందరూ ఒకే బండిలో వెళ్లొచ్చని. "అల్లుడూ, ఈ సందులోకి ఇసుక ట్రాక్టరు వస్తుంది, కారు రాదా?" అన్నాడు. ట్రాక్టరు సందులోకి వస్తుంది మామయ్యా, గేటులోకి తిరగదు కదా అన్నాను. ఇద్దరం టేపు, సుద్దముక్క పట్టుకుని బయటికి వచ్చాం.

సందు కాగితం మీద పదిహేను అడుగులు. ఆ అంకెను పక్కన పెట్టాలి. కారుకు కావలసింది ఏ అడ్డూ లేని వెడల్పు, అదీ మూడు ఎత్తుల్లో. నేల మీద చక్రాలు నడవాలి. మోకాలి ఎత్తులో బంపరు వెళ్లాలి. నడుము ఎత్తుకు కాస్త పైన అద్దాలు వెళ్లాలి. ఎదురింటి అరుగు నేల నుంచి అడుగున్నర ఎత్తుంటే అద్దానికి అడ్డురాదు కాని బంపరుకు వస్తుంది. నాలుగు అంగుళాల మెట్టయితే బంపరు దాని పైనుంచి దాటిపోతుంది, టైరే ఆగుతుంది. కరెంటు స్తంభం మూడింటికీ అడ్డే. సందు మొదటి నుంచి ఇంటి దాకా నడుస్తూ, ఇరుకుగా కనిపించిన ప్రతిచోటా ఈ మూడు ఎత్తుల్లోనూ కొలవాలి. కొలిచేది సాయంత్రం ఏడు తర్వాత అయితేనే మేలు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్న సందులో రాత్రికి బైకులన్నీ ఇంటికి చేరతాయి. మామయ్య సందులో అన్నిటికన్నా ఇరుకు కరెంటు స్తంభం దగ్గర, ఎనిమిదిన్నర అడుగులు. స్విఫ్ట్ స్థాయి కారు అద్దాలతో కలిపి ఆరున్నర అడుగుల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి నేరుగా వెళ్లిపోవడానికి ఇబ్బంది లేదు. ఆ స్తంభానికి ఎదురుగా ఎవరైనా బైకు పెడితే మాత్రం ఏ కారూ కదలదు.

గేటు ఎదురుగా కొలత వేరు. మన గేటు గీత నుంచి ఎదురింటి మెట్ల దాకా పన్నెండున్నర అడుగులు. మన వైపు అడుగున్నర మురుగు కాలువ ఇందులో కలిసే ఉంది. గేటు స్తంభాల మధ్య ఖాళీ ఎనిమిది అడుగులు. గేటు ఎంత అంటే చాలామంది స్తంభాల మధ్య దూరం చెబుతారు. తలుపులు తెరిచి, బందుల మందం, తలుపు మందం పోగా మిగిలేది కొలవాలి. రెండు వైపులా కలిపి నాలుగైదు అంగుళాలు అక్కడే పోవచ్చు.

ఇప్పుడు తిరిగే లెక్క. కంపెనీలు టర్నింగ్ రేడియస్ అని ఒక అంకె ఇస్తాయి. స్విఫ్ట్‌కు 4.8 మీటర్లు, వ్యాగనార్‌కు 4.7, ఎర్టిగాకు 5.2. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు బయటి వైపు ముందు టైరు గీసే వలయపు వ్యాసార్థం అది. కాని గోడకు తగిలేది టైరు కాదు, టైరుకు ముందున్న బంపరు మూల. ఆ మూల ఇంకో అర మీటరు బయటికి తిరుగుతుంది. అంటే స్విఫ్ట్ మూల సుమారు 5.3 మీటర్ల వలయం మీద నడుస్తుంది. అదే సమయంలో లోపలి వైపు వెనక చక్రం దగ్గరి అంచు దాదాపు 2.5 మీటర్ల వలయం మీద నడుస్తుంది. ఈ రెండు వలయాల మధ్య ఉన్న పట్టీ, కారు మలుపులో ఆక్రమించే చోటు. స్విఫ్ట్ వెడల్పు అయిదు అడుగుల ఎనిమిది అంగుళాలైతే, ఈ పట్టీ తొమ్మిది అడుగుల పైచిలుకు. ఎనిమిది అడుగుల గేటులోకి స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకు దూరడం ఎందుకు కుదరదో ఇక్కడే తెలుస్తుంది. ముందు మూల అవతలి స్తంభాన్నీ, వెనక చక్రం ఇవతలి స్తంభాన్నీ ఒకేసారి తాకుతాయి.

రివర్సులో అయితే కథ మారుతుంది. వెనక చక్రాలు స్టీరింగ్‌తో పక్కకు తిరగవు కాబట్టి వెనక భాగం గేటులోకి దాదాపు నేరుగా దూరుతుంది. అటూ ఇటూ ఊగేది ముందు భాగం, అది ఇంకా సందులోనే ఉంటుంది. ఇవతలి స్తంభం పక్కనుంచి కారు తిరుగుతుంటే ముందు మూల ఎదురింటి వైపు విల్లులా సాగి వస్తుంది. గేటు ఎంత వెడల్పుంటే అంత తొందరగా, కారు ఇంకా ఏటవాలుగా ఉండగానే వెనక భాగం లోపలికి వెళ్లిపోతుంది. అప్పుడు ముందు మూల సందులోకి అంత తక్కువ సాగుతుంది. సందు వెడల్పును మనం మార్చలేం, గేటు వెడల్పును మార్చగలం. ఈ రెండూ ఒకదానికొకటి బదులు పనిచేస్తాయన్నది ఈ మొత్తం వ్యవహారంలో తెలుసుకోవలసిన విషయం.

పైన చెప్పిన వలయాలతో లెక్క వేస్తే, రివర్సులో ఒకే ఊపున లోపలికి వెళ్లడానికి కావలసిన సందు వెడల్పు, గేటు గీత నుంచి ఎదురు అడ్డు దాకా, ఇలా వస్తుంది. ఎనిమిది అడుగుల గేటుకు వ్యాగనార్ అయితే పన్నెండు అడుగులు, స్విఫ్ట్ అయితే పదమూడు, ఎర్టిగా అయితే పద్నాలుగు. గేటు పది అడుగులు చేస్తే అవే కార్లకు పది, పదకొండు, పన్నెండు అడుగులు చాలు. గేటును రెండడుగులు పెంచితే సందు రెండడుగులు పెరిగినట్టే. ఇవి రమారమి అంకెలు. బంపరు మూలలు గుండ్రంగా ఉండటం వల్ల కొంత కలిసివస్తుంది, ఎవరూ గీత గీసినట్టు నడపలేరు కాబట్టి కొంత పోతుంది. రోజూ హాయిగా పెట్టుకోవాలంటే ఇంకో ముప్పావు అడుగో, అడుగో కలుపుకోవాలి. వెడల్పు తక్కువైనంత మాత్రాన కారు అసలే రాదని కాదు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి సర్దుకుంటే వస్తుంది. వానలో, వెనక ఒక ఆటో హారన్ కొడుతుండగా, రోజుకు రెండుసార్లు ఆ సర్దుబాటు చేయగలరా అన్నది ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరినీ అడగాలి. చాలా ఇళ్లలో ఒకరు పెట్టగలిగి, మిగతావాళ్లు పెట్టలేక ఆ కారు ఆ ఒక్కరిదే అయిపోతుంది.

మామయ్య ఇంటికి దీన్ని వర్తింపజేస్తే: పన్నెండున్నర అడుగులు, ఎనిమిది అడుగుల గేటు. వ్యాగనార్ ఒకే ఊపున, అదీ బొటాబొటిగా. స్విఫ్ట్‌కు ఒక సర్దుబాటు. ఎర్టిగాకు కనీసం రెండు. గేటు పది అడుగులు చేస్తే ఎర్టిగా కూడా లెక్క ప్రకారం ఒకే ఊపున వస్తుంది, కాని మిగిలేది అరడుగే. స్విఫ్ట్ పొడవున్న కార్లకైతే అడుగున్నర మిగులుతుంది.

ఇక్కడ కాలువ సంగతి చెప్పాలి, ఎందుకంటే నెల్లూరు సందుల్లో కార్లు ఇరుక్కునేది ఎక్కువగా అక్కడే. గేటు ఎంత వెడల్పో అంత మేర కాలువ మీద బండలు పరుస్తారు. తిన్నగా వచ్చే బైకుకు అది సరిపోతుంది. రివర్సులో వంపు తిరుగుతూ వచ్చే కారు లోపలి వైపు వెనక చక్రం స్తంభానికి ఎదురుగా రాదు. స్తంభానికి అవతల, గోడకు ఎదురుగా ఉన్న కాలువను దాటుతూ వస్తుంది. అడుగున్నర కాలువకు లెక్క వేస్తే చక్రం స్తంభం నుంచి దాదాపు అడుగున్నర పక్కకు కాలువను తాకుతుంది. కాబట్టి బండలు కారు తిరిగే వైపు స్తంభం దాటి కనీసం రెండడుగులు ఉండాలి, అవీ కారు బరువు మోసేవిగా ఉండాలి. పూడిక తీయడానికి ఎత్తగలిగేలా ముక్కలుగా వేయించుకోవాలి, లేకపోతే మునిసిపాలిటీ పనివాళ్లు వచ్చినప్పుడు పగలగొట్టక తప్పదు. ఈ ఒక్క పని మామయ్య ఇంట్లో గేటు కన్నా ముందు చేయించాం.

ఏ వైపు నుంచి వచ్చి తిరగాలన్నది కూడా ముందే నిర్ణయించుకోవచ్చు. సందులోకి రెండు వైపుల నుంచి దారి ఉంటే, గేటు డ్రైవరుకు కుడి చేతి వైపు ఉండేలా రావాలి. గేటు దాటి ముందుకు పోయి ఆగి, వెనక భాగాన్ని కుడికి తిప్పుతూ రివర్సు చేస్తే, తగిలే ప్రమాదమున్న ఇవతలి స్తంభం డ్రైవరు కిటికీ పక్కనే ఉంటుంది. తల బయటపెట్టి చూడవచ్చు. ఎడమ వైపు గేటు అయితే ఆ స్తంభం కనిపించేది అద్దంలోనే. గోడను రాసుకుంటూ వెళ్లి తిప్పడం కూడా సరికాదు. మన గోడకు మూడు, మూడున్నర అడుగుల ఎడం ఉంచి మొదలుపెట్టాలి.

పోర్టికో లోపల మూడు కొలతలు తీశాం. పొడవు పదిహేనున్నర అడుగులు, వెడల్పు తొమ్మిది అడుగులు, నేల మట్టం సందు కన్నా తొమ్మిది అంగుళాలు పైకి.

పొడవు దగ్గర మామయ్య సంతోషపడ్డాడు, ఎర్టిగా పద్నాలుగున్నర అడుగులే కదా అని. కాని ఆయన గేటు నాలుగేసి అడుగుల రెండు రెక్కలు, లోపలికి తెరుచుకుంటాయి. కారు లోపల ఉండగా ఆ రెక్కలు మూయాలంటే, గేటు నుంచి నాలుగడుగుల దాకా ఖాళీ ఉండాలి. పదిహేనున్నరలో నాలుగు పోతే మిగిలింది పదకొండున్నర. అందులో పన్నెండు అడుగుల వ్యాగనార్ కూడా పట్టదు. ఆల్టో కూడా ఒక అంగుళం బయటే ఉంటుంది. పోర్టికో కట్టేటప్పుడు ఈ లెక్క ఎవరికీ గుర్తురాలేదు. రెక్కలు బయటికి తెరుచుకునేలా మార్చితే సందుకు అడ్డం. ఒక్కో రెక్కను మధ్యకు మడిచే గేటు పెడితే రెండడుగులే పోతుంది. పక్కకు జరిగే స్లైడింగ్ గేటయితే ఏమీ పోదు, కాని గేటు ఎంత వెడల్పో అంత ఖాళీ గోడ పక్కన ఉండాలి. మామయ్య స్థలం ముఖం ఇరవై ఆరు అడుగులు కాబట్టి పది అడుగుల స్లైడింగ్ గేటు సరిపోయింది. మన వైపు స్థలాన్ని అంకణాల్లో చెప్పుకోవడం అలవాటు, ముఖం ఎంతో లోతు ఎంతో చాలామంది ఠక్కున చెప్పలేరు. ఈ పనికి విస్తీర్ణం పనికిరాదు, ముఖం కొలతే కావాలి.

స్లైడింగ్ గేటు పెట్టినా ఎర్టిగాకు ముందూ వెనకా కలిపి మిగిలేది దాదాపు ఒక అడుగే. లోపల డిక్కీ తెరవలేరు, కారుకు ముందు నుంచి మనిషి దాటలేడు. నాలుగు మీటర్ల లోపు కారయితే రెండడుగుల అయిదు అంగుళాలు మిగులుతుంది, మనిషి నడుస్తాడు. వెడల్పు విషయంలో అంత బాధ లేదు. తొమ్మిది అడుగుల్లో కారు పోగా మూడడుగుల పైచిలుకు. కారు ఎడమ వైపు గోడకు ఎనిమిది అంగుళాల ఎడంతో పెట్టి, మిగిలినదంతా డ్రైవరు తలుపుకు వదలాలి. తలుపు తెరిచి ఇబ్బంది లేకుండా దిగడానికి రెండడుగులు కావాలి. ఎడమ వైపు వాళ్లు సందులోనే దిగుతారు. రివర్సులో పెట్టిన కారుకు డ్రైవరు తలుపు, సందులోంచి ఇంటిని చూస్తే ఎడమ చేతి వైపు వస్తుంది. ఇంటి ద్వారమూ అటే ఉండటం మామయ్యకు కలిసివచ్చింది. ద్వారం రెండో వైపు ఉన్న ఇంట్లో ఈ లెక్క తిరగబడుతుంది.

మట్టం తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. పెన్న వరద చూసిన పేటల్లో ఇల్లు ఎత్తుగా కట్టుకుంటారు, అది సబబే. కాని తొమ్మిది అంగుళాల ఎత్తును మూడడుగుల ర్యాంపుతో ఎక్కిస్తే వాలు నాలుగుకు ఒకటి, అంటే పద్నాలుగు డిగ్రీలు. స్విఫ్ట్ కింద భాగం నేల నుంచి 163 మిల్లీమీటర్ల ఎత్తు, చక్రాల మధ్య దూరం 2,450. ఈ రెండింటి నుంచి వచ్చే హద్దు పదిహేను డిగ్రీలు, అదీ ఖాళీ కారుకు. నలుగురు కూర్చుంటే కారు దిగబడి, ర్యాంపు పైఅంచు కడుపుకు రాసుకుంటుంది. అక్కడ తెల్లటి గీతలు, కింద గరగరమనే చప్పుడు దానికి గుర్తు. ఆరుకు ఒకటి వాలు పెడితే ఏ మామూలు కారుకూ బాధ ఉండదు. తొమ్మిది అంగుళాలకు నాలుగున్నర అడుగులు కావాలి. దాన్ని సందులోకి తోయకుండా, కాలువ బండల మీద అడుగున్నర, పోర్టికో లోపల మూడడుగులు పంచాం. లోపలి నేల కొంత చెక్కించాల్సి వచ్చింది.

ఈ కొలతలన్నీ కాగితం మీద వేశాక మామయ్య ఎర్టిగా వదులుకున్నాడు. ఏడుగురూ కలిసి వెళ్లేది ఏడాదికి ఒకటి రెండుసార్లు, దానికి అద్దె బండి ఉంది. అరడుగు, అడుగు ఖాళీలతో మాత్రం ప్రతి రోజూ కుస్తీ పట్టాలి. నా అభిప్రాయమూ అదే. నాలుగు మీటర్ల లోపు కార్లలో కూడా 1,735 వెడల్పు దగ్గర ఆగమన్నాను. నెక్సాన్ దాదాపు మూడు అంగుళాలే ఎక్కువ, కాని స్తంభం దగ్గరా, డ్రైవరు తలుపు దగ్గరా, గేటులోనూ ఆ మూడు అంగుళాలు మళ్లీ మళ్లీ అడ్డుపడతాయి.

చివరిగా, డబ్బు కట్టకముందు టెస్ట్ డ్రైవు కారును ట్రంకు రోడ్డు మీద తిప్పి పంపేయకుండా ఇంటికి రప్పించుకోండి. సాయంత్రం, బైకులన్నీ చేరాక. గేటు ఇంకా మార్చకపోతే కొత్త స్తంభం ఎక్కడ వస్తుందో అక్కడ ఒక కుర్చీ పెట్టి, గోడ ఉన్నంత వరకు కారు ఎంత దూరం రాగలదో చూడండి. గేటు సిద్ధంగా ఉంటే ఇంట్లో అందరికన్నా తక్కువ అనుభవం ఉన్నవాళ్లు నడపాలి, షోరూము మనిషి కాదు. ఎన్ని సర్దుబాట్లు పట్టాయో లెక్కపెట్టండి. కారు ఆగాక డ్రైవరు తలుపు తెరిచి దిగాలి, నడుచుకుంటూ గేటు దాకా రావాలి, గేటు పూర్తిగా మూసి గడియ వేయాలి. కారు లోపలికి రావడం చూసి సంతోషపడి చాలామంది ఈ ఆఖరి పని చేసి చూడరు. గడియ పడకపోతే ఎన్ని అంగుళాలు తక్కువైందో ఆ పక్కనే నిలబడి కొలుచుకోండి.